పోయినవారి పటం చేయించేటప్పుడు: ఏ ఫోటో, ఏ స్టైల్, ఏ టోన్

ఇంట్లో పెద్దవాళ్లు పోతే పెద్దకర్మ నాటికి పటం సిద్ధం కావాలి. చేతిలో ఉండేది పది రోజులు, మనసు ఎవరికీ నిలకడగా ఉండదు. దొరికిన ఫోటో ఏదో వాట్సాప్‌లో స్టూడియోకి పంపి, 'బాగా చేయండి' అని చెప్పి వదిలేస్తారు. స్టూడియో కుర్రాడు ఆ మనిషిని ఎన్నడూ చూసి ఉండడు. అతనికి తెలిసిన 'బాగా' అంటే ముఖం తెల్లబరచడం, ముడతలు తీసేయడం, వెనక గుడిగోపురమో జలపాతమో పెట్టడం. పటం వచ్చాక ఇంట్లోవాళ్లు చూసి 'ఎవరో అనిపిస్తోందే' అంటారు. అప్పటికి గోడకు మేకు కొట్టడం కూడా అయిపోతుంది.

ఈ పటం ఏళ్ల తరబడి రోజూ కళ్లముందు ఉంటుంది. కాబట్టి ఇందులో మర్యాద అంటే అలంకారం కాదు, పోలిక. ఆ మనిషి ఆ మనిషిలాగే కనబడాలి. స్టైల్, రంగు, బ్యాక్‌గ్రౌండ్ అన్నీ దాని తర్వాతే.

ఫోటో ఎంపిక

ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ఒకచోట పోగేయండి. ఆల్బమ్‌లు, పెళ్లి ఫోటోలు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, బంధువుల ఫోన్లలో ఉన్నవి అన్నీ చూడండి. ఆధార్, రేషన్ కార్డుల మీది బొమ్మను మాత్రం పటానికి వాడకండి. అది చాలా చిన్నది, పైగా కార్డు మీద ప్రింటయ్యేసరికి ముఖంలో వివరమేమీ మిగలదు.

జబ్బుపడ్డాక తీసినవి పక్కన పెట్టండి. బుగ్గలు లోపలికి పోయిన ముఖాన్ని కంప్యూటర్‌లో నింపాలని చూస్తే వేరే మనిషి తయారవుతారు. అలాగని నలభై ఏళ్ల నాటి ఫోటో పెడితే మనవలు గుర్తుపట్టలేరు. ఆరోగ్యంగా ఉన్న చివరి ఐదు నుంచి పదేళ్లలోది అయితే సాధారణంగా అందరికీ తెలిసిన ముఖం దొరుకుతుంది. కళ్లు కెమెరా వైపు ఉండాలి. పెదవుల మీద కొద్దిపాటి నవ్వు ఉంటే ఇంకా మంచిది. పగలబడి నవ్వుతున్న ఫోటో ఆల్బమ్‌లో ముచ్చటగా ఉంటుంది కానీ, దండ వేసి దీపం పెట్టే పటానికి చాలామంది ఇళ్లలో నప్పదు. ఆ మనిషి ఎప్పుడూ అలాగే నవ్వేవారైతే ఆ మాట ఇంట్లోవాళ్లే చెప్పాలి, వాళ్ల మాటే చివరిది.

సెల్ఫీలతో ఒక చిక్కుంది. కొన్ని ఫోన్లు ముందు కెమెరాతో తీసిన ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పి దాచుకుంటాయి. అప్పుడు పాపిడి, పుట్టుమచ్చ, ముక్కుపుడక అన్నీ అవతలి వైపుకు వెళ్తాయి. గుర్తుపట్టడం తేలికే. మామూలు కట్టులో చీర పైట ఎడమ భుజం మీద ఉండాలి, మగవాళ్ల చొక్కా జేబు ఎడమ వైపు ఉండాలి. కుడివైపు కనిపిస్తే ఫోటో తిరగబడింది, స్టూడియోలో కుడి ఎడమలు తారుమారు చేయించండి. దీన్ని పట్టించుకోకపోతే, 'ముఖం అదే గానీ ఏదో తేడాగా ఉంది' అని భార్యో భర్తో అంటారు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

ముఖం కొలిచాకే సైజు, స్టైల్

ఎంత పెద్ద పటం వస్తుందో చెప్పేది ఫోటో సైజు కాదు, అందులో ముఖం సైజు. ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి, నుదుటి పైన జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కింది వరకు కత్తిరించి చూడండి. ఆ ముక్క ఎత్తు ఎన్ని పిక్సెళ్లో అదే మీకు కావలసిన లెక్క. ప్రింట్‌లో ముఖం ఎన్ని అంగుళాల ఎత్తు రావాలో దాంతో భాగించండి. అంగుళానికి 150 పిక్సెళ్లు ఉంటే ముఖం స్పష్టంగా వస్తుంది. 100 ఉన్నా గోడ మీద, నాలుగడుగుల దూరం నుంచి ఫరవాలేదు. 80 కంటే తగ్గితే కళ్లు మసకబారతాయి, కనురెప్పల వెంట్రుకలు కలిసిపోయి మచ్చలా అవుతాయి.

ఛాతీ వరకు కనిపించే 12×15 అంగుళాల పటంలో ముఖం సుమారు 5 అంగుళాలు వస్తుంది. అంటే ముఖానికి 750 పిక్సెళ్లు ఉంటే నిశ్చింత, 500 ఉంటే ఒప్పుకోవచ్చు. 8×10 అంగుళాల ప్రింట్‌లో ముఖం 3 అంగుళాలే కాబట్టి 300 నుంచి 450 పిక్సెళ్లతో సరిపోతుంది.

పాస్‌పోర్ట్ సైజు కాగితం ఒక్కటే ఉంటే దాన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయించండి. ల్యాబ్‌లో డిజిటల్‌గా వేసిన ప్రింట్‌లో అంగుళానికి దాదాపు 300 చుక్కల వివరమే ఉంటుంది. అందుకని 2400 డీపీఐ అన్నా కాగితం గరుకు తప్ప కొత్తగా ఏమీ రాదు. మూడున్నర, నాలుగున్నర సెంటీమీటర్ల ఆ ఫోటోలో ముఖం దాదాపు అంగుళం ఉంటుంది. అంటే అసలు వివరం దాదాపు 300 పిక్సెళ్లు, అది 8×10కి చాలు. అదే ఫోటో తీసిన స్టూడియో తెలిస్తే ముందు అక్కడ అడగండి. ఫైల్ కంప్యూటర్‌లో మిగిలి ఉంటే ఇంత తంటా అక్కర్లేదు.

పాత ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే ఊడబీకవద్దు, ముఖం పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దం తుడిచి, కిటికీ పక్కన నీడలో ఫోటోను నిలువుగా పెట్టి, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకుని రెండింతల జూమ్‌తో తీయండి. మీ ముందు నల్లటి దుప్పటి ఎవరినైనా అడ్డంగా పట్టుకోమని, దాని అంచు మీదుగా ఫోన్ మాత్రం బయట ఉంచి తీస్తే అద్దంలో మీ ప్రతిబింబం పడదు. గరుకు కాగితం మీద వేసిన పాత ప్రింట్లు స్కాన్‌లో చుక్కలు చుక్కలుగా మెరుస్తాయి. అలాంటివాటిని ఒకసారి మామూలుగా, ఇంకోసారి తలకిందులుగా తిప్పి స్కాన్ చేయించి, రెంటినీ కలపమనండి. మెరుపు చాలావరకు తగ్గుతుంది.

ముఖం కొలత తెలిశాక స్టైల్ దానంతట అదే తేలుతుంది. పిక్సెళ్లు చాలినంత ఉంటే ఫోటోను ఫోటోలాగే ఉంచండి, అంతకు మించిన పోలిక ఏ చిత్రంలోనూ రాదు. పిక్సెళ్లు తక్కువై, పెద్ద పటమే కావాలంటే పెన్సిల్ లేదా చార్‌కోల్ చిత్రం మంచి దారి. ఫోటోలో మసకగా ఉన్నచోట చిత్రకారుడు గీతతో తేల్చగలడు. కానీ ఒక్క ఫోటోతో కాకుండా అదే మనిషివి మరో మూడు నాలుగు, వేర్వేరు కోణాల్లోవి ఇవ్వాలి. లేకపోతే కళ్లు, పెదవులు అలవాటుగా వేసే బొమ్మల్లాగా వచ్చేస్తాయి. రంగు నింపకముందు, గీతల దశలోనే చూపించమనండి. కళ్ల మధ్య దూరం, ముక్కు పొడవు, పెదవి వంపు ఆ దశలో దిద్దవచ్చు. నీడలు వేశాక దిద్దడం దాదాపు కొత్తగా గీయడమే. మంచి చిత్రానికి వారాలు పడుతుంది, పదకొండో రోజుకు తొందరపెట్టకండి. దాన్ని సంవత్సరీకానికి అనుకోండి.

ఆయిల్ పెయింటింగ్ చేతితో వేసేదైతే వేరే మాట. కంప్యూటర్ ఎఫెక్ట్‌తో ఫోటోను పెయింటింగ్‌లా మార్చి కాన్వాస్ మీద వేసేది మాత్రం వద్దు. కుంచె గీతలు చీర మీద బాగుంటాయి, కంటిపాప మీదకు వచ్చేసరికి చూపు చెదిరిపోతుంది. ముఖాన్ని 'క్లియర్' చేస్తామనే యాప్‌లతో కూడా అదే భయం. లేని వివరాన్ని అవి ఊహించి పెడతాయి, పళ్ల వరస, కనురెప్పల మడత మారిపోతాయి. వాడితే అసలు ఫోటోను పక్కన పెట్టి కళ్లు, నోరు విడివిడిగా పోల్చి చూడండి.

రంగు, వెలుగు, వెనక తెర

నలుపు తెలుపు ఫోటోను నలుపు తెలుపుగానే ఉంచమని మా సలహా. రంగు పూసేవారికి ఆ చీర అంచు ఏ రంగో తెలియదు, ఒంటి ఛాయ తెలియదు. అమ్మకు ఎప్పుడూ లేని గులాబీ చీర పటంలో కనిపిస్తే పిల్లలకు కలుక్కుమంటుంది. కాస్త పసుపు తిరిగిన పాత కాగితాన్ని మాత్రం మామూలు బూడిద రంగుకు తెమ్మనవచ్చు.

కలర్ ఫోటోల్లో ఎక్కువ కనిపించే దోషం పెళ్లి లైట్ల పసుపుదనం. దాన్ని సరిచేసేటప్పుడు తెల్లగా ఉండాల్సిన వస్తువును ఆధారం చేసుకోమనండి. పంచె, కండువా, నెరసిన జుట్టు ఏదైనా సరే. అవి తెల్లగా కనబడితే ఛాయ తనంతట తానే సరైన చోటికి వస్తుంది. ఒంటి రంగును చూసి సరిచేస్తే తెలియకుండానే తెల్లబరుస్తారు. నల్లని మనిషిని నల్లగానే చూపించండి, ఈ ఒక్క మాట స్టూడియోలో విడిగా, స్పష్టంగా చెప్పాలి. వాళ్లలో చాలామందికి తెల్లబరచడం అడగకుండానే చేసే పని.

వెనక తెర సాదాగా ఉండాలి. లేత బూడిద లేదా కాస్త మట్టి కలిసిన రంగు ఎవరికైనా సరిపోతుంది. జుట్టు తెల్లగా, ఛాయ నల్లగా ఉంటే మధ్యరకం బూడిద వాడండి. మరీ లేతదైతే జుట్టు కలిసిపోతుంది, మరీ ముదురుదైతే ముఖం కలిసిపోతుంది. తల చుట్టూ వెలుగు చక్రం, మేఘాలు, దేవుడి బొమ్మ పక్కన పెట్టడం లాంటివి కొందరు భక్తితో అడుగుతారు. ఇల్లంతా ఒప్పుకుంటే కాదనలేం. కానీ అవి పటంలో ముఖానికి దక్కాల్సిన చోటు తీసుకుంటాయి, నాలుగేళ్లకే పాతబడిపోతాయి కూడా.

వెనక భాగం కత్తిరించేటప్పుడు జుట్టు అంచు, చెవులు చూడండి. కత్తెరతో కోసినట్టు గట్టి అంచు ఉంటే మనిషి అతికించినట్టు కనిపిస్తారు. సన్నని వెంట్రుకలు కొన్ని మిగలాలి.

ముఖం మీద ఏది దిద్దాలి, ఏది ముట్టుకోకూడదు

ఒక చిన్న సూత్రం చాలు. ఆ రోజు మాత్రమే ఉన్నది తీసేయవచ్చు, ఎప్పుడూ ఉన్నది తీయకూడదు. చెమట మెరుపు, మొటిమ, కళ్లజోడు మీద పడిన లైటు, ఫోటో మూలన ఉన్న తేదీ తీసేయండి. పుట్టుమచ్చ, ముడతలు, మశూచి మచ్చలు, కాస్త మెల్ల, వంకర పన్ను ఉంచేయండి. నుదుటి ముడతలు నున్నగా చేసి మెడ ముడతలు వదిలేసిన పటాలు చాలా ఇళ్లలో కనిపిస్తాయి. ముఖానికి, మెడకు ఇరవై ఏళ్ల తేడా వస్తుంది. కళ్లజోడు లేకుండా ఎవరూ చూడని మనిషికి కళ్లజోడు ఉండాలి. లైటు పడి కన్ను కనిపించకపోతే అదే కళ్లజోడుతో ఉన్న ఇంకో ఫోటోలోంచి ఆ భాగం తెచ్చి పెట్టమనండి.

బట్టల విషయంలో, ఎప్పుడూ పంచె, కండువాలో ఉన్న తాతకు కోటు తగిలించకండి. స్టూడియోల్లో రెడీమేడ్ కోట్లు ఉంటాయి, మెడ దగ్గర నీడ కలవదు, తల పెద్దదై శరీరం చిన్నదవుతుంది. చొక్కా చిరిగినట్టో, భుజం పక్కవారి వెనక దాగినట్టో ఉంటే అదే మనిషి ఇంకో ఫోటోలోని భుజాన్ని తీసుకోవాలి. అప్పుడు ముక్కు నీడ ఏ వైపు పడిందో చూసి, చొక్కా మడతల నీడ కూడా అదే వైపు ఉండేలా చూడాలి.

బొట్టు సంగతి తప్పనిసరిగా ఇంట్లో అడగాలి. భర్త ముందే పోయిన స్త్రీకి కొన్ని ఇళ్లలో పటంలో బొట్టు ఉంచుతారు, కొన్ని ఇళ్లలో ఉంచరు, కొందరు విభూతి మాత్రమే ఉంచుతారు. ఆమె బతికుండగా ఎలా ఉండేవారో అలాగే ఉంచడం మాకు సబబుగా తోస్తుంది. డిజైనర్ తనకు తోచినట్టు ఎర్రని కుంకుమ పెట్టడం, ఉన్నదాన్ని చెరపడం రెండూ ఇంట్లో పెద్ద గొడవే తెస్తాయి. ఎలాగూ చాలా ఇళ్లలో గంధం, కుంకుమ అద్దం మీదే పెడతారు. అందుకోసం నుదురు పైకి తగినంత చోటు ఉండేలా చూస్తే చాలు.

భార్యాభర్తల్లో ఒకరు ఉండగా ఇద్దరినీ ఒకే పటంలో పెట్టకండి. దండ ఇద్దరి మీదా పడుతుంది, ఉన్నవారు రోజూ దాన్ని చూడాలి. క్రైస్తవ, ముస్లిం ఇళ్లకు చేయించేటప్పుడు దండ, బొట్టు, 'కీ.శే.' అన్నవి ముందే అనుకుని పెట్టకండి. గోడకు పటం పెట్టడమే ఇష్టపడని ఇళ్లు కూడా ఉన్నాయి, అడిగాకే మొదలుపెట్టండి.

ఒక ఉదాహరణ

డెబ్బై నాలుగేళ్ల నానమ్మ. భర్త ఎప్పుడో పోయారు. ఉన్నవి రెండే: ఆధార్ కార్డు, రెండేళ్ల కిందటి మనవడి పెళ్లిలో ఫోన్‌తో తీసిన గ్రూప్ ఫోటో. పదకొండో రోజుకు 12×15 పటం కావాలి.

ఇంట్లో అందరి దగ్గరా ఉన్నది వాట్సాప్‌లో వచ్చిన ఫోటో, వెడల్పు 1600 పిక్సెళ్లు. అందులో నానమ్మ ముఖం 160 పిక్సెళ్లే. 12×15కి అంగుళానికి 32 వస్తుంది, పనికిరాదు. తీసిన కుర్రాడి ఫోన్‌లో అసలు ఫోటో ఉంది, వెడల్పు 4000. అందులో అదే ముఖం 400 పిక్సెళ్లు. దాన్ని ఫోటోగా కాకుండా 'డాక్యుమెంట్'గా పంపమనాలి, అప్పుడు నాణ్యత తగ్గదు. ఈ ఒక్క ఫోన్‌కాల్ మిగతా రిపేర్లన్నిటికంటే విలువైనది.

400 పిక్సెళ్లను 5 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 80, అంచున ఉంది. 3 అంగుళాలకైతే 133, బాగుంటుంది. కాబట్టి ప్రింట్ 8×10 వేయించి, 12×15 ఫ్రేమ్‌లో మౌంట్ బోర్డుతో, అంటే ప్రింట్ చుట్టూ అంచులా వచ్చే దళసరి అట్టతో బిగించాలి. పక్కలకు రెండుంపావు అంగుళాలు, పైనా కిందా రెండుముప్పావు అంగుళాలు లేత రంగు అంచు కనిపిస్తుంది. బోర్డు రంధ్రం ప్రింట్ కంటే అర అంగుళం తక్కువ, అంటే ఏడున్నర, తొమ్మిదిన్నర అంగుళాలు కోయించాలి, ప్రింట్ అంచు లోపల దాగుతుంది. కోరిన సైజు పటం వచ్చింది, ముఖమూ చెడలేదు. ఇంకో లాభం ఏమిటంటే, దండ ఎక్కువగా ఆ అంచు మీదే పడుతుంది కాబట్టి బుగ్గలు కప్పుకుపోవు. ప్రింట్ అద్దానికి అంటుకోదు కూడా.

గ్రూప్‌లో నానమ్మ కుడి భుజం మీద పక్కవారి చేయి ఉంది. ఆ చేతిని చెరిపి చీర నింపాలంటే ఊహించాల్సిందే. దానికి బదులు కత్తిరింపును భుజాల పైకి తెస్తే చేయి తప్పుకుంటుంది, ముఖం కాస్త పెద్దదై 3 అంగుళాలు దాటితే మళ్లీ పిక్సెళ్లు లెక్క చూసుకోవాలి. పెళ్లి లైట్ల పసుపు ఆమె నెరసిన జుట్టును ఆధారం చేసుకుని తీశాక, వెనక పెళ్లి మండపం స్థానంలో మధ్యరకం బూడిద వచ్చింది. నుదుట విభూతి ఉంది, కూతుళ్లు అలాగే ఉంచమన్నారు. పెద్ద పెన్సిల్ చిత్రం కావాలనుకుంటే ఈ ఫోటోతో పాటు బంధువుల దగ్గర ఉన్నవి సేకరించి సంవత్సరీకానికి చేయించుకోవచ్చు.

ప్రింట్‌కు ముందు

ఫోన్ తెర మీద చూసి ఒప్పుకోకండి, తెర వెలుగు వల్ల అన్నీ ప్రకాశంగా కనిపిస్తాయి, కాగితం మీదకు వచ్చేసరికి ముఖం ఒక మెట్టు ముదురుగా వస్తుంది. ముందు 4×6 ప్రింట్ ఒకటి వేయించి పగటి వెలుగులో చూడండి. ల్యాబ్‌లో యంత్రం తనంతట తాను రంగులు మార్చకుండా 'కలర్ కరెక్షన్ వద్దు' అని చెప్పండి, లేకపోతే చేసిన జాగ్రత్తంతా అక్కడ పోతుంది. కాగితం మ్యాట్ తీసుకోండి. మెరిసే కాగితం, పైన అద్దం, పక్కన జీరో బల్బు కలిస్తే ముఖం బదులు బల్బు కనిపిస్తుంది.

ఆ చిన్న ప్రింట్‌ను జీవిత భాగస్వామికీ, తోబుట్టువుల్లో ఒకరికీ చూపించండి. 'బాగుందా' అని అడిగితే బాగుందనే అంటారు. 'ఎక్కడైనా తేడాగా ఉందా' అని అడగండి. పోలికలో పొరపాటు ఉంటే వాళ్లకు వెంటనే తడుతుంది, పెదవి దగ్గరో కంటి దగ్గరో అని వేలు పెట్టి చూపిస్తారు.

పేరు, తేదీలు ఉండాలంటే పటం అడుగున మౌంట్ అంచు మీద, మామూలు అక్షరాల్లో వేయించండి. ఫోటో మీద వేస్తే దండ కప్పేస్తుంది. స్టూడియోల్లో తెలుగు టైప్ చేసేటప్పుడు ఫాంట్ మార్పుల్లో ఒత్తులు, గుడులు ఎగిరిపోవడం మామూలే. కాబట్టి ఇంటిపేరు, తేదీలు కాగితం మీద రాసి ఇచ్చి, ప్రింట్‌కు ముందు అక్షరం అక్షరం సరిచూడండి. దీపం పటానికి మరీ కింద పెడితే మసి అద్దం అడుగు భాగాన్ని కప్పుతుంది, కనీసం అడుగున్నర దూరం ఉంచండి. చివరగా, దిద్దిన ఫైల్‌ను, దిద్దని అసలు ఫోటోను రెండూ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. రేపు ఇంకో ఇంట్లో పటం కావాలన్నా, పెన్సిల్ చిత్రం వేయించాలన్నా అసలు ఫోటోతోనే పని.